నీళ్ళ డాక్టరు ల్యాబు

ఆ నాలుగు వీధుల్లో అతణ్ణి అందరూ నీళ్ళ డాక్టరు అనేవారు. ఈ బిరుదును ఏ విశ్వవిద్యాలయమూ ప్రదానం చేయలేదు. ఇళ్ళ వెనక కట్టుకున్న చిన్న చిన్న స్విమ్మింగ్ పూల్స్‌ను ఇరవై రెండేళ్ళుగా శుభ్రం చేస్తూ, నీళ్ళ మీద ఎవరు ఏమడిగినా ముందు కాసేపు మౌనం వహించి తర్వాత సమాధానం చెప్పే అలవాటు వల్ల అది దానంతటదే వచ్చి అంటుకుంది. వెంటనే సమాధానం చెప్పేవాణ్ణి మెకానిక్కు అంటారు. ఆగి చెప్పేవాణ్ణి డాక్టరు అంటారు.

పన్నెండు ఇళ్ళు అతని చేతిలో ఉండేవి. ప్రతి ఇంట్లోనూ పని ఒక్కటే. పొడుగు కర్రకు కట్టిన వలతో ఆకులు తీయడం, పంపు ముందుండే బుట్ట కడగడం, ఇసుక ఫిల్టరు మీద ఒత్తిడి చూపే ముల్లు చూసి, అది పైకెక్కి ఉంటే నీళ్ళు వెనక్కి తిప్పి ఇసుకలోని మురికి బయటికి పంపడం, చివర్లో నీళ్ళ పరీక్ష. పరీక్షకు అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఉండేది. అందులో రెండు గొట్టాలు. ఒక గొట్టంలో మందు చుక్కలు వేస్తే నీళ్ళు పసుపు తిరుగుతాయి. ఎంత పసుపైతే అంత క్లోరిన్. రెండోదాంట్లో వేరే చుక్కలు వేస్తే లేత నారింజ నుంచి ముదురు ఎరుపు దాకా ఏదో ఒక రంగు వస్తుంది. అది పీహెచ్. నీళ్ళలో పులుపు ఎక్కువా, చవుడు ఎక్కువా అన్న సంగతి. పెట్టె మీద అచ్చువేసిన గళ్ళతో పోల్చి చూసుకోవాలి.

పసుపు గొట్టాన్ని డాక్టరు అక్కడికక్కడే ఎండకెత్తి చదివేవాడు. రెండో గొట్టాన్ని మాత్రం ఎవరి ఎదుటా చదివేవాడు కాదు. ఆ ఇంటి నీళ్ళు చిన్న సీసాలో గాలి లేకుండా నిండా నింపి, మూత బిగించి, మూత మీద ఇంటి నంబరు రాసి సంచిలో వేసుకునేవాడు.

“దీన్ని ల్యాబులో చూపించాలండి,” అనేవాడు.

ల్యాబు అనే మాట విన్నాక ఎదురు ప్రశ్న వేసిన ఇంటి యజమాని ఇంతవరకూ లేడు.

ఆ ల్యాబు అతని ఇంట్లో, వంటగదిలో, పొయ్యి పక్కన కిటికీ కింద ఉండేది. ల్యాబుకు అధిపతి అతని భార్య. పప్పు కలుపుతూ ఒక చేత్తో గొట్టం పట్టుకుని కిటికీ వైపు ఎత్తి, “నాలుగో ఇల్లు, మూడో గడి. తొమ్మిదో ఇల్లు, నాలుగుకీ అయిదుకీ మధ్య. కాస్త ఎక్కువే ఉంది, చూసుకోండి,” అని రిపోర్టు ఇచ్చేది. డాక్టరు పుస్తకంలో రాసుకునేవాడు. ఎందుకంటే పుట్టిన దగ్గర్నుంచీ అతనికి ఎరుపూ, ఆకుపచ్చా, నారింజా ఒకే కుటుంబంలోని అన్నదమ్ముల్లా కనిపించేవి. ఎవరు పెద్దో ఎవరు చిన్నో తేల్చుకోలేకపోయేవాడు. పెట్టె మీది అయిదు గళ్ళూ అతని కంటికి వేర్వేరు రోజుల్లో కాచిన అయిదు టీలు. ఈ సంగతి లోకంలో అతనికీ, భార్యకీ తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే పన్నెండు ఇళ్ళవాళ్ళూ ఏమంటారో అతను చాలాసార్లు ఊహించుకున్నాడు. ఊహలో వాళ్ళెవరూ తిట్టేవారు కాదు, నవ్వేవారు. అదే భరించలేకపోయేవాడు.

ఏడో ఇల్లు ఒక పెద్దావిడది. ముప్ఫయ్యేళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. రిటైరయ్యాక తుంటి ఎముకకు ఆపరేషను జరిగితే, రోజూ ఉదయం అరగంట నీళ్ళలో నడవమని వైద్యులు చెప్పారు. కొడుకు మంచివాడు; పెరట్లో నడుము లోతు పూల్ కట్టించాడు. కోడలు కూడా మంచిదే. ఇద్దరూ మంచివాళ్ళు కావడం వల్ల ఆవిడను కాస్త ఎక్కువగానే కనిపెట్టి ఉండేవారు. ఒకసారి ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. మరోసారి తాళాల గుత్తి ఫ్రిజ్‌లో దొరికింది. అప్పట్నించీ ఆ ఇంట్లో ఏ వస్తువు కనిపించకపోయినా ముగ్గురిలో ఇద్దరు మూడో మనిషి వైపు చూడడం మొదలుపెట్టారు.

పూల్ పంపు స్విచ్చి మాత్రం ఆవిడ చేతిలోనే ఉండేది. ఉదయం తొమ్మిదికి వేసి, సాయంత్రం అయిదుకి ఆపడం. ఎనిమిది గంటలు. ఈ లోపల నీళ్ళన్నీ ఒకటికి రెండుసార్లు ఫిల్టరులోంచి తిరిగి రావాలని డాక్టరు లెక్క చెప్పాడు. ఆవిడ ఆ లెక్కను ఉద్యోగంలా పాటించింది.

ఆ ఎండాకాలం రెండు సంఘటనలు ఒకే వారంలో జరిగాయి. ఏడో ఇంట్లో పగిలిన పలకలు మార్చడానికి పూల్ ఖాళీ చేసి, మళ్ళీ బోరు నీళ్ళతో నింపారు. ఇంకోపక్క పొరుగూళ్ళో డాక్టరు వదినగారు మెట్ల మీంచి జారి చెయ్యి విరగ్గొట్టుకుంటే, ల్యాబు అధిపతి మూడు వారాల సెలవు మీద అక్కగారింటికి వెళ్ళిపోయింది.

“ఎవరినైనా పక్కింటివాళ్ళని అడగండి, రంగు చెప్పమని. ప్రాణం పోదు,” అంది బస్సెక్కుతూ.

“నాకు తెలుసులే,” అన్నాడు డాక్టరు.

మిగతా పదకొండు ఇళ్ళ నీళ్ళూ పాతవే, నెమ్మదస్తులు. మూడు వారాలపాటు పీహెచ్ జోలికి పోకుండా వదిలేసినా పెద్దగా అలగవు. ఏడో ఇంటివి కొత్త నీళ్ళు. చూడకుండా కుదరదు. మొదటి రోజు ఫోనులో ఫొటో తీసి భార్యకు పంపాడు. “గొట్టం వెనక మీ చొక్కా పడింది. ఏం రంగో నాకు తెలియట్లేదు,” అని జవాబొచ్చింది. దాంతో విజ్ఞానశాస్త్రం మీద విసుగు పుట్టి, గొట్టాన్ని తనే ఎండకెత్తాడు. చాలాసేపు చూశాడు. మొదటి గడిలా ఉంది. మొదటి గడి అంటే పీహెచ్ తక్కువ. తక్కువైతే సోడా పొడి వెయ్యాలి. గంభీరంగా తల పంకించి బకెట్లో కలిపి పోశాడు. రెండు రోజుల తర్వాత మళ్ళీ చూస్తే మళ్ళీ మొదటి గడిలాగే ఉంది. మళ్ళీ పోశాడు. మామూలుగా వేసే క్లోరిన్ పొడి కూడా వేశాడు.

నాలుగో రోజుకి పూల్ నిండా ఎవరో పాలు కలిపినట్టయింది. అడుగున నీళ్ళు పోయే జాలీకి నాలుగు మరలుంటాయి. ఆ మరలు స్పష్టంగా కనబడకపోతే పూల్లోకి ఎవరూ దిగకూడదన్నది అతను అందరికీ చెప్పే మొదటి సూత్రం. ఇప్పుడు మరలు కాదు, జాలీ కాదు, మూడో మెట్టే కనబడటం లేదు.

“దిగకండి అమ్మగారూ,” అన్నాడు.

“దిగనులేవయ్యా. ఏమైంది మరి దీనికి?”

కొడుకూ కోడలూ కూడా బయటికొచ్చి నిలబడ్డారు. డాక్టరు అలవాటు ప్రకారం మౌనం వహించాడు. ఫిల్టరు మీది ముల్లు చూశాడు. బాగా పైకెక్కి ఉంది. అంటే నీళ్ళు ఇసుకలోంచి తిరుగుతున్నాయి, ఇసుక తన పని తాను చేసి దేన్నో పట్టుకుని ఉంది. పంపు నడవని ఇంట్లో ముల్లు అంత పైకి లేవదు. ఈ సంగతి అతనికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. కానీ ముగ్గురు మనుషులు ఎదురుగా నిలబడి సమాధానం కోసం చూస్తున్నప్పుడు, సంచిలో ఉన్న ఆ రెండో గొట్టం గుర్తొచ్చినప్పుడు, మనిషి నోరు తనకు దగ్గర్లో ఉన్న దారి పట్టుకుని పోతుంది.

“పంపు రోజుకి ఎన్ని గంటలు వేస్తున్నారమ్మా?”

“ఎనిమిది. తొమ్మిది నించి అయిదు.”

“ఎనిమిది గంటలు నడిచిన నీళ్ళు ఇలా ఉండవండి.”

అంతే అన్నాడు. అంతకంటే ఒక్క ముక్క అనలేదు. అనక్కర్లేకపోయింది. కొడుకు నేల వైపు చూశాడు. కోడలు కొడుకు వైపు చూసింది.

“అమ్మా, నిన్న వేశావా?” అన్నాడు కొడుకు చాలా మెల్లగా. గట్టిగా అడిగినా బాగుండేది.

“వేశాన్రా.”

“మొన్న?”

ఆవిడ మొన్నటిది గుర్తు చేసుకోవడానికి కళ్ళు మూసుకుంది. ఒకప్పుడు నాలుగు వందల ఫోను నంబర్లు పుస్తకం చూడకుండా చెప్పిన మనిషి, మొన్న స్విచ్చి వేశానా లేదా అని నిలబడి వెతుక్కుంటుంటే డాక్టరు వలకర్ర తుడవడం మొదలుపెట్టాడు. వలకర్ర అప్పటికే శుభ్రంగా ఉంది.

తరవాతిసారి వెళ్ళేసరికి పంపు గది పక్కన ఒక కుర్చీ కనిపించింది. ఆ కుర్చీలో ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్ళో గళ్ళ నోటుపుస్తకం. గంట గంటకీ ఒక టిక్కు.

“ఇదేంటమ్మగారూ, ఎండలో?”

“కాపలా,” అంది. “పంపుకి కాదులే. నాకు.”

పుస్తకంలో రెండు రోజుల టిక్కులున్నాయి. తొమ్మిది, పది, పదకొండు... ఒక్కటీ తప్పలేదు. పంపు ఆ నిమిషంలో కూడా గురగురమంటూనే ఉంది. ఫిల్టరు ముల్లు మళ్ళీ పైనే ఉంది. నీళ్ళు మాత్రం మొన్నటంత తెల్లగానూ ఉన్నాయి.

అప్పుడు డాక్టరు ఆవిడను ఒక గాజుగ్లాసు అడిగాడు. పూల్ నీళ్ళు గ్లాసుడు ముంచి, సంచిలోంచి యాసిడ్ సీసా తీసి, జాగ్రత్తగా నాలుగు చుక్కలు వేసి పుల్లతో కలిపాడు. పాలలా ఉన్న నీళ్ళు అతను చూస్తుండగానే తేటపడ్డాయి. గ్లాసు అవతల ఉన్న అతని బొటనవేలి గీతలు కూడా కనిపించాయి.

బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. పీహెచ్ హద్దు దాటితే ఆ సున్నం కరిగి ఉండలేక బయటపడి నీళ్ళను తెల్లగా చేస్తుంది. పంపు ఎన్ని గంటలు తిప్పినా ఆ తెలుపు పోదు, ఎందుకంటే పైనుంచి సోడా పొడి పోసి కొత్త తెలుపు తయారు చేస్తున్న మహానుభావుడు ఒకడు వారానికి రెండుసార్లు వస్తున్నాడు.

“ఏమైందయ్యా? తేటయింది?”

“చూస్తున్నానమ్మా. ల్యాబులో చూడాలి,” అన్నాడు డాక్టరు, తేలు కుట్టిన దొంగలా.

ల్యాబు ఊళ్ళో లేదు. దారిలో స్టేషనరీ దుకాణం ముందు ఆగి, గొట్టంలో చుక్కలు వేసి, పెట్టె కౌంటరు మీద పెట్టి, “కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానమ్మా. ఇది ఏ గడికి సరిపోయిందో కాస్త చెబుతావా?” అని దుకాణం అమ్మాయిని అడిగాడు. జీవితంలో అతనికి కళ్ళజోడే లేదు.

ఆ అమ్మాయి వంగి చూడను కూడా చూడలేదు. “చివరి గడండి. దానికంటే కూడా ఎరుపే. ఇంత ఎర్రగా ఉంటే కళ్ళజోడెందుకండి?”

మొదటి గడి అనుకున్నది చివరి గడి. ఒక గడి అటూ ఇటూ అయితే మనిషి పొరపాటు పడ్డాడనొచ్చు. ఈ చివర్నుంచి ఆ చివరికి పడినదానికి భాషలో వేరే మాటలున్నాయి.

ఇక్కడ డాక్టరు చేయవలసింది ఒకటుంది, చేసింది వేరొకటి. తిరిగి వెళ్ళి నిజం చెప్పాల్సింది పోయి, తప్పును నీళ్ళలోంచి తీసేస్తే మనుషుల్లోంచి కూడా పోతుందనుకున్నాడు. మరునాడు యాసిడ్‌ను నీళ్ళ బకెట్లో పలచగా కలిపి, పంపు నడుస్తుండగా, నీళ్ళు లోపలికి తిరిగి వచ్చే గొట్టం దగ్గర కొద్దికొద్దిగా పోశాడు. మర్నాడు మరికొంత. ప్రతిసారీ స్టేషనరీ దుకాణం దగ్గర కళ్ళజోడు మరిచిపోయాడు. పగలూ రాత్రీ పంపు ఆపొద్దని చెప్పాడు. తేలుతున్న తెలుపులో కొంత కరుగుతుంది, మిగతాది ఇసుక పట్టుకుంటుంది. ఇసుకను రెండుసార్లు కడిగాడు. నాలుగో రోజు ఉదయానికి నాలుగు మరలూ అడుగున మెరుస్తూ కనిపించాయి.

నీళ్ళు అంత తేటగా ఉండటం వల్లే అతని పరువు నిజంగా పోయింది.

ఆ ఉదయం కొడుకు నవ్వుతూ ఎదురొచ్చాడు. పంపు స్విచ్చికి కొత్తగా ఇనుప డబ్బా బిగించి ఉంది. దానికి తాళం.

“మీరన్నమాటే నిజమైందండి. స్విచ్చి నా చేతిలోకి తీసుకున్నాను, పంపు ఆగకుండా నడిచింది, నీళ్ళు చూడండి. అమ్మ మీద కోపం కాదు. ఆవిడ మటుకు ఏం చేస్తుంది, వయసు. వచ్చే వారం మెదడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. ఇక నీళ్ళలోకి కూడా ఒంటరిగా దింపం, ఎవరూ లేనప్పుడు ఎందుకొచ్చిన గొడవ.”

“లేదండి, అదీ...” అన్నాడు డాక్టరు.

“మీరు మొహమాటపడకండి. చెప్పి మంచిపని చేశారు. ఇంట్లోవాళ్ళకి ఇలాంటివి చెప్పేవాళ్ళుండరు.”

కొడుకు స్నానానికి వెళ్ళాడు. ఆవిడ వసారాలో కూర్చుని ఉంది. నోటుపుస్తకం లేదు. డాక్టరును చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

“నిన్ను ఆరోజు కోపంగా చూశానేమో నాయనా,” అంది. “ఎనిమిది గంటలూ వేశానని గట్టిగా అన్నాను కదా. ఏమీ అనుకోకు. వేశాననే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. టిక్కులు కూడా, పంపు వేయకుండానే వేశాననుకుని పెట్టుంటాను.”

క్షమాపణ తప్పు గుమ్మంలోకి వచ్చి నిలబడితే ఎలా ఉంటుందో డాక్టరుకు తెలిసింది. ఆవిడ తన కళ్ళతో తాను వేసిన టిక్కుల్నే నమ్మడం మానేసింది. ఇరవై రెండేళ్ళుగా తన కళ్ళను నమ్మని మనిషికి, అది ఎలా ఉంటుందో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తేడా ఏమిటంటే, ఆవిడ కళ్ళకి ఏమీ కాలేదు.

అతను సంచి కింద పెట్టాడు. పెట్టె తీశాడు. పూల్లోంచి నీళ్ళు ముంచి, రెండో గొట్టంలో చుక్కలు వేసి, ఆవిడ ముందు పెట్టాడు.

“ఇది ఏ గడమ్మా?”

ఆవిడ మొహం వాడిపోయింది. “నన్ను పరీక్ష చేస్తున్నావా? మా వాడు చెప్పాడా?”

“మిమ్మల్ని కాదమ్మా. నన్ను. చెప్పండి.”

ఆవిడ కాసేపు చూసింది. “మూడోది. మూడుకీ నాలుగుకీ మధ్యన అనొచ్చేమో. మూడే.”

“నాకు అయిదూ ఒకేలా ఉన్నాయి. ఎప్పుడూ అంతే.” పెట్టె మీది గళ్ళ మీద వేలు పెట్టి చూపించాడు. “మా ఇంటిది చూసి చెబుతుంది. ల్యాబూ లేదు ఏమీ లేదు. తను ఊరెళ్ళింది. నేనే చూసి, ఎక్కువని తెలియక తక్కువనుకుని సోడా పోశాను. రెండుసార్లు. అందుకే తెల్లబడ్డాయి. మీ పంపు ఎనిమిది గంటలూ నడిచిందమ్మా. ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆరోజు ముల్లు చూడగానే నాకు తెలుసు.”

“తెలుసా.”

“తెలుసు.”

“తెలిసే అన్నావా?”

డాక్టరు తల వంచుకున్నాడు. వంచడానికి అంతకంటే కిందికి చోటు లేకపోయింది.

ఆవిడ కోప్పడుతుందని అతను ఎదురుచూశాడు. నవ్వుతుందని కూడా భయపడ్డాడు. అన్నేళ్ళూ ఊహలో భయపడింది ఆ నవ్వుకే. ఆవిడ నవ్వలేదు. రంగులు కనబడవన్న సంగతి ఆవిడ చెవికి ఎక్కినట్టే లేదు. దానికోసం అన్నేళ్ళు సీసాలు మోసిన మనిషికి, అది ఎవరికీ పట్టని విషయమని ఆ క్షణంలో అర్థమైంది.

“ఒరేయ్,” అని లోపలికి కేకేసింది. కొడుకు తడి తలతో బయటికొచ్చాడు. వెనకే కోడలు.

“ఇప్పుడు నాకు చెప్పావే, అది వాడికి చెప్పు,” అంది డాక్టరుతో. “మొత్తం. ముల్లు సంగతితో సహా.”

చెప్పాడు. రెండోసారి చెప్పడం తేలికవుతుందంటారు. అనుభవం లేనివాళ్ళు అనే మాట అది. మొదటిసారి నోరు తనంతట తాను జారింది. రెండోసారి ప్రతి ముక్కనూ తవ్వి తీయాల్సొచ్చింది. కొడుకు మధ్యలో ఒకసారి, “మరి పంపు నడవలేదని ఎందుకన్నారండి?” అని అడిగాడు. “పీహెచ్ చూడటం రాదని మీకు తెలుస్తుందని,” అన్నాడు డాక్టరు. ఆ జవాబు చిన్నగా, చవగ్గా, నేల మీద పడేసిన సబ్బుముక్కలా ఉంది.

కోడలు అత్తగారి వైపు చూడలేక పూల్ వైపు చూసింది. కొడుకు జేబులోంచి తాళంచెవి తీసి తల్లి ముందు బల్ల మీద పెట్టాడు.

“అమ్మా...”

“అది నాకెందుకురా. తాళం తీసెయ్యి. డబ్బా కూడా.” ఆవిడ తాళంచెవిని వేలితో వెనక్కి నెట్టింది. “ఆయన ఒక్క మాట అన్నాడు. మిగతాదంతా నువ్వే అనుకున్నావు. నేనూ అనుకున్నాననుకో.”

కొడుకు స్క్రూడ్రైవరు కోసం లోపలికి వెళ్ళాడు. వెళ్ళినవాడు చాలాసేపు రాలేదు. స్క్రూడ్రైవరు వసారా గూట్లోనే ఉందని అక్కడున్న అందరికీ తెలుసు.

“ఇంకెవరినైనా పెట్టుకోండమ్మా,” అన్నాడు డాక్టరు సంచి ఎత్తుతూ. “రంగు తెలిసినవాణ్ణి.”

“రంగు నేను చూసుకోగలను. నీళ్ళ పని నీకు వచ్చు, రాదనడానికి లేదు.” ఆవిడ గొట్టంలోని నీళ్ళను మొక్కలో పారబోసి, పెట్టె అతని చేతికిచ్చింది. “శనివారం రా. కానీ ఒకటి చెప్పు. వారం రోజులపాటు నా బుర్ర పోయిందనుకున్నాను. రాత్రిళ్ళు పడుకుని, చిన్నప్పట్నించీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ ఏవి పోయాయో వెతుక్కున్నాను. అది నువ్వెలా తీస్తావయ్యా? దానికేమైనా మందుందా?”

డాక్టరు ఈసారి కూడా వెంటనే జవాబు చెప్పలేదు. మౌనం వహించాడని చెప్పడం న్యాయం కాదు. జవాబు లేక నిలబడ్డాడు. తర్వాత, “లేదమ్మా,” అన్నాడు.

“అదైనా నిజం చెప్పావు,” అంది ఆవిడ. చేతికర్ర పట్టుకుని మెట్ల వైపు నడిచింది. మొదటి మెట్టు, రెండో మెట్టు, మూడోది. నీళ్ళు నడుముదాకా వచ్చాయి. కోడలు తోడు రాబోతే చెయ్యి అడ్డంగా ఊపింది. ఒంటరిగానే ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నడవడం మొదలుపెట్టింది.

డాక్టరు గేటు మూసి బయటికొచ్చాడు. ఎనిమిదో ఇల్లు పక్కనే. అక్కడి పెద్దమనిషి పూల్ దగ్గర నిలబడి ఎదురుచూస్తున్నాడు.

“రావయ్యా డాక్టరూ. మా నీళ్ళ రిపోర్టు రెండు వారాలైంది, రాలేదు. ల్యాబువాళ్ళు ఏమంటున్నారు?”

డాక్టరు సంచి కింద పెట్టాడు. సీసా తీయలేదు. పెట్టె తీసి, గొట్టం నింపి, చుక్కలు వేసి ఆయన చేతికిచ్చాడు. చెవులు మండుతున్నాయి. అవి ఏ రంగుకు తిరిగాయో అతనికి తెలిసే అవకాశం లేదు గానీ, ఎదుటి మనిషికి కనబడుతూనే ఉండాలి.

“ఒక సంగతి చెప్పాలండి,” అన్నాడు.